రెండు మడుల క్వాడ్రాట్ లెక్కలు: పది జాతులున్న చోట వైవిధ్యం ఎక్కువా, ఐదు జాతులున్న చోటా?

పచ్చికబాట

అందరికీ నమస్కారం. పక్కపక్కనే ఉన్న రెండు మడులలో మొక్కల వైవిధ్యాన్ని పోల్చి చూస్తున్నాను. మొదటి మడిని కిందటి ఏడాది దున్ని వదిలేశారు. రెండో మడిని చాలా ఏళ్లుగా దున్నలేదు. ఒక్కొక్క దానిలో 50 సెంటీమీటర్ల భుజమున్న పది చతురస్రపు చట్రాలను, అంటే క్వాడ్రాట్లను, యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక చూసి, ఎక్కడ పడితే అక్కడే వేశాను. చట్రం లోపల వేళ్లూనుకుని ఉన్న ప్రతి కాండాన్నీ ఒక మొక్కగా లెక్కపెట్టాను. రెండు చోట్లా మొత్తం సరిగ్గా 100 చొప్పున రావడం కేవలం కాకతాళీయం.

మొదటి మడిలో ఐదు జాతులు దొరికాయి. వాటి లెక్కలు 24, 22, 20, 18, 16. రెండో మడిలో పది జాతులు దొరికాయి. వాటి లెక్కలు 64, 9, 7, 5, 4, 4, 3, 2, 1, 1. ఆ 64 మొత్తం గరికే.

షానన్ సూచిక మొదటి దానికి 0.69, రెండో దానికి 1.37 వచ్చింది. దాన్ని జాతుల సంఖ్య సంవర్గమానంతో భాగించి సమత చూస్తే 0.43, 0.60 వచ్చాయి. కాబట్టి దున్నని మడిలో వైవిధ్యం రెండింతలుందని, సమత కూడా అక్కడే ఎక్కువని నివేదికలో రాయవచ్చునా? ఒకసారి చూసి చెప్పగలరు.

అంకెలతోట

జాతులు రెండింతలున్నాయి, సూచిక కూడా రెండింతలు వచ్చింది కాబట్టి నాకు ఇందులో తేడా ఏమీ కనిపించడం లేదు. రెండు షానన్ సూచికల మధ్య తేడాను హచిసన్ 1970లో చూపిన టి-పరీక్షతో సరిచూసి, ఆ ఫలితాన్ని కూడా జతచేస్తే సరిపోతుంది. ఇంకొక మాట కూడా చెబుతాను. అన్ని క్వాడ్రాట్లనూ కలిపి ఒక్కసారి లెక్కించడం కన్నా, ప్రతి క్వాడ్రాట్‌కూ సూచిక విడిగా లెక్కించి సగటు తీయడమే సరైన పద్ధతి.

గట్టుమీదిచెట్టు

పచ్చికబాట గారూ, నివేదిక రాయడం కాసేపు ఆపండి. సూచికల జోలికి పోకముందే, మీరిచ్చిన లెక్కలనే కళ్లారా ఒకసారి చూడండి. 24, 22, 20, 18, 16 అంటే ఐదు జాతులూ దాదాపు సమానంగా పంచుకున్న మడి అన్నమాట. ఆ మడికి సమత 0.43 రావడం జరగని పని. అన్నీ 20 చొప్పున ఉంటే సమత సరిగ్గా 1 కావాలి. ఇక్కడ ఉన్నది దానికి వెంట్రుకవాసి దూరమే.

నా అనుమానమేమిటంటే, మొదటి మడి సూచికకు మీరు 10 ఆధారంగా సంవర్గమానం తీసుకున్నారు, రెండో దానికి సహజ సంవర్గమానం తీసుకున్నారు, సమత కోసం భాగించేటప్పుడు మాత్రం రెండు చోట్లా సహజ సంవర్గమానమే వాడారు. ఎక్సెల్‌లో `LOG` అని మాత్రమే రాస్తే ఆధారం 10 అవుతుంది, సహజ సంవర్గమానం కావాలంటే `LN` రాయాలి. ఆర్‌లో మాత్రం `log` అంటేనే సహజ సంవర్గమానం. ఒక చోట నేర్చుకున్న అలవాటు మరో చోట దెబ్బతీసేది ఇక్కడే. మీ 0.69ని 2.303తో గుణించి చూడండి, 1.6కు దగ్గరగా వస్తుంది. ఐదు జాతులకు షానన్ సూచిక చేరగల గరిష్ఠం 5 యొక్క సహజ సంవర్గమానం, అంటే 1.609. మీ మడి ఆ గరిష్ఠాన్ని దాదాపు తాకుతోంది.

చేత్తో ఒక్క వరుస వేసి చూడండి. మొదటి జాతి వాటా 0.24. దాని సహజ సంవర్గమానం −1.427. రెండింటినీ గుణించి గుర్తు మార్చితే 0.343. మిగిలిన నాలుగూ ఇలాగే చేస్తే 0.333, 0.322, 0.309, 0.293 వస్తాయి. కూడితే 1.60. ఆర్‌లో అయితే ఇంతే:

```
a <- c(24,22,20,18,16)
p <- a/sum(a)
H <- -sum(p*log(p))
H; H/log(length(a)); exp(H); 1/sum(p^2)
```

ఎక్సెల్‌లో చేసేటప్పుడు లెక్క సున్నా ఉన్న గళ్లను ముందే తీసేయండి. సున్నాకు సంవర్గమానం లేదు కాబట్టి ఆ గడిలో `#NUM!` అని వస్తుంది, మొత్తం కూడా చెడిపోతుంది.

పచ్చికబాట

మీరు చెప్పినట్లే జరిగింది. రెండు మడుల పట్టికలనూ వేర్వేరు రోజులలో వేశాను, ఒకదానిలో `LOG` ఉంది, ఇంకొకదానిలో `LN` ఉంది. రెండింటికీ `LN` పెడితే షానన్ సూచిక మొదటి మడికి 1.599, రెండో మడికి 1.371 వచ్చింది. సమత 0.99, 0.60.

తప్పు దొరికినందుకు సంతోషమే గానీ, ఇప్పుడు నా చిక్కు ఇంకా పెరిగింది. పది జాతులున్న మడి కన్నా ఐదు జాతులున్న మడికే వైవిధ్యం ఎక్కువని అంకె చెబుతోంది. ఆ మడిలో రోజంతా మోకాళ్ల మీద తిరిగినదాన్ని నేను. నా కంటికి కనిపించినది అది కాదు.

గట్టుమీదిచెట్టు

మీ కన్ను తప్పు చూడలేదు, అంకె కూడా తప్పు చెప్పడం లేదు. రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు, అంతే. మీరు మడిలో తిరుగుతూ ఎన్ని రకాలున్నాయని వెతికారు. షానన్ సూచిక అడిగే ప్రశ్న వేరు: ఈ మడిలో కళ్లు మూసుకుని ఒక కాండం తీస్తే అది ఏ జాతిదో ముందుగా ఊహించడం ఎంత కష్టం? రెండో మడిలో ఆ ఊహ తేలిక, ఎందుకంటే గరిక అంటే నూటికి అరవైనాలుగు సార్లు నెగ్గుతాం.

ఇక్కడ సూచికను సూచికగానే పోల్చడం మానేసి, దాన్ని జాతుల సంఖ్యలోకి మార్చి చూడమని నా సలహా. హిల్ 1973లో చూపించిన దారి ఇదే. షానన్ సూచికను సహజ ఘాతంగా మార్చితే, అంతే వైవిధ్యం రావాలంటే సమానంగా పంచుకున్న జాతులు ఎన్ని ఉండాలో తెలుస్తుంది. దీన్ని తుల్య జాతుల సంఖ్య అనుకుందాం. మీ మొదటి మడికి అది 4.95, రెండో మడికి 3.94. సింప్సన్ దారిలో వాటాల వర్గాలను కూడితే మొదటి దానికి 0.204, రెండో దానికి 0.430 వస్తాయి. వాటిని తిరగేస్తే 4.90, 2.33.

ఇప్పుడు ఒక్కో మడినీ మూడు మెట్ల మీద చదవండి. జాతులను కేవలం లెక్కపెట్టినప్పుడు 5కు ఎదురుగా 10. వాటాలను బట్టి తూచినప్పుడు 4.95కు ఎదురుగా 3.94. ఎక్కువగా ఉన్న జాతికే బరువు ఇచ్చినప్పుడు 4.90కు ఎదురుగా 2.33. మొదటి మడి గీత దాదాపు బల్లపరుపుగా ఉంది, రెండోది నిట్టనిలువునా పడిపోతోంది. రెండు గీతలూ ఒకదానినొకటి దాటుతున్నాయి. ఇలా దాటినప్పుడు ఏ మడిలో వైవిధ్యం ఎక్కువ అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు ఉండదు. ఒక సూచికను ఎంచుకున్నామంటే జవాబును కూడా ఎంచుకున్నట్లే. అందుకని మూడు అంకెలనూ పక్కపక్కనే ఇచ్చి, గీతలు దాటుకున్నాయని స్పష్టంగా రాయండి.

అంకెలతోట

నా మొదటి జవాబులో తొందరపడ్డాను, సమత విలువను చూడనేలేదు. అయితే ఈ గందరగోళానికి ఇంతకన్నా సులువైన పరిష్కారం ఉందనుకుంటున్నాను. జాతుల సంఖ్యను ఒక గడిలో, సమతను ఇంకొక గడిలో ఇచ్చేస్తే రెండు సంగతులూ విడివిడిగా తెలుస్తాయి కదా? షానన్ సూచికను గరిష్ఠంతో భాగించడం వలన జాతుల సంఖ్య ప్రభావం పూర్తిగా తొలగిపోతుంది.

గట్టుమీదిచెట్టు

రెండూ విడిగా ఇవ్వాలన్నది మంచి మాట. ప్రభావం పూర్తిగా తొలగిపోతుందన్నది మాత్రం నిజం కాదు, దాన్ని ఈ మడి మీదనే చూపిస్తాను. మొదటి మడిలో మీరు పదో క్వాడ్రాట్ మూలన ఒకే ఒక్క కొత్త మొక్కను చూశారనుకుందాం. మొత్తం 101 మొక్కలు, ఆరు జాతులు. షానన్ సూచిక 1.599 నుంచి 1.639కి కొద్దిగా పెరుగుతుంది. గరిష్ఠం మాత్రం 1.609 నుంచి 1.792కి ఎగబాకుతుంది. సమత 0.994 నుంచి 0.915కు పడిపోతుంది. పాత ఐదు జాతుల పంపకంలో ఏ మార్పూ లేదు, దొరికినదల్లా ఒక మొక్క. దాన్ని మీరు చూశారా, చట్రం అంచున వదిలేశారా అన్న దానిపై సమత ఇంత ఊగిసలాడుతోందంటే, రెండో దశాంశం దాకా దాన్ని నమ్మడం ప్రమాదం.

మీ రెండో మడిలో ఒక్కొక్క మొక్క మాత్రమే దొరికిన జాతులు రెండున్నాయి, రెండే దొరికిన జాతి ఒకటుంది. ఇంకో పది క్వాడ్రాట్లు వేస్తే అక్కడ కొత్త జాతులు రావడానికి అవకాశముంది, మొదటి మడిలో ఆ అవకాశం చాలా తక్కువ. కాబట్టి 10 అన్నది కనీసం అంత అని చదవాలి, 5 అన్నది దాదాపు అంతే అని చదవవచ్చు.

తీరరాళ్లు

ఈ చర్చ నా పనికి దగ్గరగా ఉంది కాబట్టి మధ్యలో అడుగుతున్నాను. నేను రాతి సముద్రతీరంలో నత్తలు, ఆల్చిప్పల లెక్క తీస్తున్నాను. ఒక చోట ఆటుపోట్ల వలన ఆరు క్వాడ్రాట్లు మాత్రమే వేయగలిగాను, తొమ్మిది జాతులు దొరికాయి. ఇంకొక చోట ఇరవై వేశాను, పదహారు జాతులు దొరికాయి. జాతుల సంఖ్యను క్వాడ్రాట్ల సంఖ్యతో భాగించాను. మొదటి చోట క్వాడ్రాట్‌కు 1.5, రెండో చోట 0.8 వచ్చింది. అంటే తక్కువ శ్రమ పెట్టిన చోటే జాతులు దాదాపు రెండింతలు దట్టంగా ఉన్నట్లు కదా?

గట్టుమీదిచెట్టు

మీరు భాగించడం వలన శ్రమలోని తేడా పోలేదు, తలకిందులైంది. మొక్కల సంఖ్యను వైశాల్యంతో భాగించవచ్చు, ఎందుకంటే వైశాల్యం రెండింతలైతే మొక్కలూ సగటున రెండింతలవుతాయి. జాతులు అలా పెరగవు. మొదటి నాలుగైదు చట్రాలలోనే సాధారణ జాతులన్నీ వచ్చేస్తాయి, ఆ తర్వాత అప్పుడొకటి ఇప్పుడొకటి చేరుతుంది.

పచ్చికబాట గారు రెండో మడిలో ఒక్కొక్క జాతి ఎన్ని క్వాడ్రాట్లలో కనిపించిందో, గరిక ఏ చట్రంలో ఎంత ఉందో ఇక్కడ పెడితే దీన్ని లెక్కగట్టి చూపగలను.

పచ్చికబాట

తప్పకుండా. పైన ఇచ్చిన వరుసలోనే, పది క్వాడ్రాట్లలో వరుసగా 5, 6, 5, 4, 3, 4, 2, 1, 1, 1 చోట్ల కనిపించాయి. గరిక కనిపించిన ఐదు చట్రాలలో 31, 27, 3, 2, 1 కాండాలున్నాయి.

గట్టుమీదిచెట్టు

పది చట్రాల బదులు ఐదే వేసి ఉంటే సగటున ఎన్ని జాతులు దొరికేవో చూద్దాం. ఒకే చట్రంలో ఉన్న జాతి, యాదృచ్ఛికంగా తీసిన ఐదింటిలో పడే అవకాశం సగం, అంటే 0.5. అలాంటివి మూడు. రెండు చట్రాలలో ఉన్న జాతికి ఆ అవకాశం 0.78, మూడింటిలో ఉన్నదానికి 0.92, నాలుగింటిలో ఉన్నదానికి 0.98. అంతకు మించిన వాటిని దాదాపు 1 అనుకోవచ్చు. పది జాతులకూ వచ్చిన అవకాశాలను కూడితే 8.1.

చట్రాలు సగానికి తగ్గితే జాతులు 10 నుంచి 8కి తగ్గాయి, 5కు కాదు. మీరు చేసినట్లు భాగిస్తే అదే మడికి ఒకసారి క్వాడ్రాట్‌కు 1, ఇంకోసారి 1.6 వస్తుంది. తీరరాళ్లు గారూ, మీ ఇరవై చట్రాల లెక్కను ఇదే పద్ధతిలో ఆరింటికి దించి, అప్పుడు వచ్చిన అంకెను 9తో పోల్చండి. అయితే ఆ ఆరు చట్రాలూ నీరు తగ్గినప్పుడు అందిన ఒకే ఎత్తులో వేసినవై, ఇరవై మాత్రం పై అంచు నుంచి కింది దాకా పరిచినవైతే, ఏ లెక్కా మిమ్మల్ని కాపాడలేదు. అప్పుడు మీరు పోలుస్తున్నది రెండు చోట్లను కాదు, రెండు ఎత్తులను.

తీరరాళ్లు

ఆరూ పై ఎత్తులోనివే. ఇరవైలో అదే ఎత్తులో ఉన్నవి ఏవో విడదీసి, వాటితో మాత్రమే పోలుస్తాను. ధన్యవాదాలు.

వేరుపట్టు

నేను గడ్డిజాతుల మీద పనిచేస్తాను కాబట్టి, అందరూ అంకెలలో పడి వదిలేసిన ఒక సంగతి అడుగుతాను. పచ్చికబాట గారూ, ఒక చట్రంలో 31, ఇంకొక చట్రంలో 27 గరిక అన్నారు. అవి 58 మొక్కలా, 58 పిలకలా? గరిక నేల మీద తీగలా పాకుతూ కణుపు కణుపుకూ వేళ్లు దించి, పిలక వేస్తుంది. వేళ్లూనుకున్న ప్రతి కాండాన్నీ ఒక మొక్క అనుకున్నారంటే, ఒకే మొక్కను మీరు ఇరవైసార్లు లెక్కపెట్టి ఉండవచ్చు. మొదటి మడిలోని ఏకవార్షికాలకు ఒక్కొక్క మొక్కకు ఒక్కొక్క కాండమే ఉంటే, రెండు మడులను రెండు కొలతలతో కొలిచినట్లయింది.

అంకెలతోట

దీనితో నా టి-పరీక్ష సలహా కూడా నిలబడదని ఒప్పుకోవాలి. ఆ పరీక్ష ప్రతి మొక్కా మిగతావాటితో సంబంధం లేకుండా నమూనాలోకి వచ్చిందని అనుకుంటుంది. 64లో 58 రెండే చట్రాలలో గుమిగూడి ఉన్నప్పుడు ఆ ఊహ చెల్లదు. అయినా సగటు సంగతి మాత్రం వదలను. ప్రతి చట్రానికీ విడిగా సూచిక తీస్తే గరిక ఆ రెండు చట్రాలనే పాడుచేస్తుంది, మిగతా ఎనిమిదీ బాగానే ఉంటాయి.

గట్టుమీదిచెట్టు

సగటు తీయడం తప్పని నేననను, కానీ అది వేరే ప్రశ్నకు జవాబు. అర మీటరు చట్రం లోపల వైవిధ్యం ఎంత అన్నది దానికి తెలుస్తుంది, మడి మొత్తంలో ఎంత అన్నది కలిపిన లెక్కకే తెలుస్తుంది. రెండింటికీ ఎడం ఎక్కువగా ఉంటే చట్రానికీ చట్రానికీ జాతులు మారుతున్నాయని అర్థం. పైగా ఒకే జాతి ఉన్న చట్రానికి సమత అనేదే ఉండదు, సున్నాను సున్నాతో భాగించాలి. ఖాళీ చట్రానికి సూచికే లేదు. వాటిని వదిలేసి సగటు తీస్తే ఫలితం తెలియకుండానే పైకి జరుగుతుంది.

అనిశ్చితి కావాలంటే మొక్కలను కాక చట్రాలనే యూనిట్‌గా తీసుకుని, పదింటి నుంచి పదింటిని తిరిగి పెట్టుకుంటూ వేలసార్లు ఎంచుకుని, ప్రతిసారీ సూచిక లెక్కించండి. గరిక దట్టంగా ఉన్న ఆ రెండు చట్రాలూ ఒక్కసారి కూడా పడని అవకాశం 0.8 యొక్క పదో ఘాతం, అంటే సుమారు 11 శాతం. అలాంటి నమూనాలలో రెండో మడి పూర్తిగా వేరే మడిలా కనిపిస్తుంది. మీ 1.371 ఎంత సన్నని కాళ్ల మీద నిలబడిందో అప్పుడు తెలుస్తుంది.

పచ్చికబాట

వేరుపట్టు గారి ప్రశ్న చదివాక రెండో మడికి మళ్లీ వెళ్లాను. అవే చట్రాల గుర్తులు ఇంకా ఉన్నాయి. 31 పిలకలున్న చట్రంలో మట్టిని వేళ్లతో నెమ్మదిగా తోసి, ఒక్కొక్క తీగనూ పట్టుకుని వెనక్కి వెళ్లాను. ఒక తీగకే పదకొండు పిలకలున్నాయి, అది చట్రం అంచు దాటి అవతలికి కూడా పోయింది. ఇలా ఐదు చట్రాలలోనూ చూస్తే, 64 పిలకలు 12 దుబ్బులుగా తేలాయి. మొదటి మడిలో ఐదు జాతులవీ ఒంటి కాండపు మొక్కలే, అక్కడ మార్పేమీ లేదు.

64 స్థానంలో 12 పెడితే రెండో మడి మొత్తం 48, షానన్ సూచిక 2.058, తుల్య జాతులు 7.8, సింప్సన్ దారిలో 6.7, సమత 0.89. గీతలు ఇప్పుడు దాటుకోవడమే లేదు. మూడు మెట్ల మీదా రెండో మడే పైన ఉంది. ఇక నిశ్చింతగా ఇదే రాయవచ్చునా?

గట్టుమీదిచెట్టు

నా అభిప్రాయంలో దుబ్బుల లెక్కే రాయాలి. సూచికలోని వాటా అంటే మొక్కల వాటా అని మీరు నివేదిక మొదట్లో చెప్పుకున్నారు కాబట్టి, మొక్క అంటే ఏమిటో కూడా రెండు మడులకూ ఒకటే నియమం ఉండాలి. పాత పిలకల లెక్కను కూడా దాచకుండా పక్కన ఇవ్వండి, ఒక్క నిర్వచనం మారితే వరుస ఎలా తారుమారైందో చదివేవారికి కనిపిస్తుంది.

వేరుపట్టు

నేను ఇందుకు ఒప్పుకోను. పాకే తీగ మధ్యలో కుళ్లిపోయి తెగిపోతే ఒకే మొక్క రెండు దుబ్బులుగా కనిపిస్తుంది, రెండు వేర్వేరు మొక్కలు అల్లుకుపోతే ఒకే దుబ్బుగా కనిపిస్తుంది. 12 అన్నది 9 కావచ్చు, 17 కావచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, చట్రంలో నేలను సగం కప్పేసిన గరికను 12 దుబ్బులు అనడం వలన, అది మిగతా మొక్కల మీద చూపే ఒత్తిడి మాయమైపోతుంది. అక్కడ చిన్న జాతులకు వెలుతురు, చోటు దొరకకుండా చేస్తున్నది పిలకల గుంపే. ఇలాంటి చోట లెక్కపెట్టడం మానేసి, ప్రతి జాతీ చట్రంలో ఎంత శాతం నేలను కప్పిందో అంచనా వేసి, ఆ శాతాలనే వాటాలుగా తీసుకోవాలి. షానన్, సింప్సన్ రెండింటికీ అవి సరిపోతాయి.

గట్టుమీదిచెట్టు

కప్పిన శాతంతో వాటాలు సరిపోతాయి, నిజమే. కానీ ఒక్కొక్క మొక్కే దొరికిన జాతులెన్ని అన్న సమాచారం దానిలో మిగలదు, దాని మీద ఆధారపడే అంచనాలు వేయలేము. జాతుల సంఖ్యకు మాత్రం చట్రాలలో కనిపించిన లెక్క ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. కంటి అంచనాలో మనిషికీ మనిషికీ వచ్చే తేడా సంగతి కూడా ఉంది.

పచ్చికబాట

అయితే ఇలా చేస్తాను. వచ్చే వారం రెండు మడులలోనూ అవే ఇరవై చట్రాలను మళ్లీ వేసి, లోపల పది సెంటీమీటర్ల గళ్లు వచ్చేలా దారాలు కట్టి, ప్రతి జాతి ఎన్ని గళ్లను కప్పిందో ఇద్దరం విడివిడిగా రాసుకుంటాము. ఒకరి కాగితం ఇంకొకరు చూడము. దుబ్బుల లెక్క, పిలకల లెక్క, కప్పిన గళ్ల లెక్క మూడింటినీ ఇక్కడే పెడతాను. గరిక గళ్లలో మా ఇద్దరి అంకెలకు తేడా ఎంత వస్తుందో చూశాక, ఏది ముందు రాయాలో మళ్లీ అడుగుతాను.